చెవినొప్పి, 38.6 జ్వరం, రేపు పొద్దున వీలైతే

*జర్మనీలో డాక్టర్‌ని కలవాలంటే ముందు టెర్మీన్ దొరకాలి. ఫోన్ కలవదు, కలిసినా భాష తడబడుతుంది. అలాంటప్పుడు పది మాటల సందేశమే దారి. ఆ సందేశంలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు?*

సోమవారం ఉదయం ఎనిమిది గంటలు. ఆహెన్‌లో విద్యార్థుల వసతి గృహం. వరంగల్ నుంచి ఎం.ఎస్. చదువుకోడానికి వచ్చిన అమ్మాయి కుడిచెవి మీద చెయ్యి పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. శనివారం సాయంత్రం మొదలైన నొప్పి రాత్రికి రాత్రి దవడ దాకా పాకింది. ఒళ్లు కాలిపోతోంది. ఇంటి దగ్గర డాక్టర్ క్లినిక్‌కి ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లు ఎంగేజ్. నాలుగోసారి రికార్డు చేసిన గొంతు గబగబా ఏదో చెప్పి, టెర్మీన్ కావలసినవాళ్లు సందేశం రాయవచ్చని ముగించింది.

రాసింది. గౌరవనీయులైన డాక్టర్ గారికి అని మొదలుపెట్టి, తాను ఫలానా యూనివర్సిటీలో ఏ కోర్సు చదువుతోందో చెప్పి, పోయిన వారం స్నేహితులతో ఈతకు వెళ్లిన సంగతి, పక్కగది అమ్మాయి ఇచ్చిన మాత్ర వేసుకున్న సంగతి వివరించి, నొప్పి భరించలేకపోతున్నానని, మీకు వీలున్నప్పుడు దయచేసి సమయం ఇప్పించగలరని పన్నెండు వరుసలు నింపింది. అన్నీ ఉన్నాయి. జ్వరం ఎంతో లేదు. ఏ చెవో లేదు. పుట్టిన తేదీ లేదు. తను ఎప్పుడు రాగలదో లేదు.

గంట తర్వాత జవాబు వచ్చింది. అందులో టెర్మీన్ లేదు, నాలుగు ప్రశ్నలున్నాయి. ఈ అమ్మాయి ఎవరో ఒక్కరు కాదు. జర్మనీలో కొత్తగా కాలుపెట్టిన తెలుగు పిల్లల్లో ఎవరిని కదిలించినా ఇలాంటి సోమవారం ఒకటి చెబుతారు.

ఎందుకు ఇంత తిప్పలు?

మన దగ్గర జ్వరమొస్తే వీధి చివరి క్లినిక్‌కి వెళ్లి, చీటీ రాయించుకుని, వరసలో కూర్చుంటే పనైపోతుంది. జర్మనీలో అలా నడిచి వెళ్లినవాళ్లను చాలా క్లినిక్‌లు రేపు రమ్మంటాయి, లేదా గంటలకొద్దీ కూర్చోబెడతాయి. ముందు సమయం తీసుకోవడమే అక్కడి పద్ధతి. దాన్నే టెర్మీన్ అంటారు. మొదట చూసేది కుటుంబ వైద్యుడు, అంటే హౌస్‌ఆర్ట్స్ట్. ఆయన క్లినిక్‌ని ప్రాక్సిస్ అంటారు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద పనిచేసే డాక్టర్ వారానికి కనీసం 25 గంటలు రోగులకు అందుబాటులో ఉండాలని 2019లో వచ్చిన చట్టం చెబుతోంది. చాలా ప్రాక్సిస్‌లు బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం తలుపులు మూసేస్తాయి. శని, ఆదివారాలు సెలవు. రెండురోజుల జబ్బులన్నీ పోగుపడి సోమవారం పొద్దున్నే ఒకే ఫోన్ మీద పడతాయి. ఆ ఫోన్ ఎత్తేది డాక్టర్ కాదు, రిసెప్షన్‌లో ఉండే వైద్య సహాయకురాలు. మూడేళ్లు శిక్షణ పొందిన ఉద్యోగి ఆమె. ఎదురుగా నిలబడ్డ రోగి కార్డు తీసుకుంటూ, ఇంకో చేత్తో రక్తపరీక్ష గొట్టాల మీద పేర్లు అతికిస్తూ, మధ్యలో సందేశాలు చూస్తుంది. వెబ్‌సైట్‌లోని ఫారం, ఈమెయిల్, డాక్టోలిబ్ లాంటి యాప్, కొన్నిచోట్ల ఎస్సెమ్మెస్... ఏ దారిన వచ్చినా అన్నీ చేరేది ఆమె బల్ల మీదికే.

మన విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు. 2023-24లో జర్మనీ యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు, విదేశీయుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. తరగతిలో పాఠమంతా ఇంగ్లిష్‌లో జరుగుతుంది కాబట్టి జర్మన్ అరకొరగానే వచ్చినా రోజులు గడిచిపోతాయి. ఒంట్లో బాగోలేని రోజున మాత్రం గడవదు. ఫోన్‌లో అవతలి మనిషి వేగాన్ని అందుకోలేని వాళ్లకు, నిదానంగా ఆలోచించి రాసుకునే వీలున్న సందేశం నిజంగా పెద్ద ఆసరా.

రిసెప్షన్ ఏం వెతుకుతుంది?

సందేశం తెరవగానే ఆ సహాయకురాలు తేల్చుకోవలసినవి మూడు. ఈ మనిషి ఎవరు? ఎంత తొందర? ఏ ఖాళీలో కూర్చోబెట్టాలి?

మొదటిదానికి పేరొక్కటే చాలదు. కంప్యూటర్‌లో రోగిని పట్టుకునేది పేరు, పుట్టిన తేదీ కలిపి. తెలుగువాళ్ల పేర్ల దగ్గర ఇది మరీ అవసరం. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు కొందరికి ముందుంటుంది, కొందరికి వెనుక. కొందరికి ఆ గడే ఖాళీ. బీమా కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అచ్చవుతుంది. వెంకట సాయి అంటూ మొదలయ్యే మూడు నాలుగు ముక్కల పేరున్న కుర్రాడు సందేశం కింద స్నేహితులు పిలిచే పొట్టిపేరు ఒక్కటి రాస్తే, రిసెప్షన్‌లో అతను దొరకడు. అందుకే కార్డు చూసి, అందులో ఉన్న వరసలోనే పేరు రాయాలి. పక్కనే పుట్టిన తేదీ, తిరిగి పిలవడానికి ఫోన్ నంబర్. ఇదివరకు ఆ ప్రాక్సిస్‌కి వెళ్లారా, కొత్తవాళ్లా అన్నది కూడా చెప్పాలి. కొత్త రోగుల్ని తీసుకోవడం ఆపేసిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఉన్న రోగికి జ్వరమంటే ఏదో ఒక సందులో ఇరికిస్తారు.

రెండోదాన్ని తేల్చేది లక్షణాలు. ఇక్కడ కావలసినవి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, ఎంత అనే మూడే. "చాలా అర్జెంట్" అన్న మాటకన్నా "కుడిచెవి నొప్పి, శనివారం నుంచి, 38.6 జ్వరం" అన్న వరుసకే త్వరగా టెర్మీన్ దొరుకుతుంది. అర్జెంట్ అని అందరూ రాస్తారు. అంకె మాత్రం జ్వరమున్నవాళ్లే రాయగలరు.

మూడోది సమయం. మర్యాద కొద్దీ మనం తప్పు చేసేది ఇక్కడే. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనడం తెలుగింట వినయం. జర్మన్ రిసెప్షన్‌లో అది అదనపు పని. ఆమె ఒక సమయం ఇస్తుంది, అప్పుడు నాకు క్లాసు ఉందని మనం రాస్తాం, ఆమె ఇంకోటి వెతుకుతుంది. ఈలోగా ఆ రోజు ఖాళీలు నిండిపోతాయి. ముందే రెండు అవకాశాలు ఇచ్చినవాళ్లకు ఒక్క జవాబుతో పని తెగుతుంది.

అదే చెవినొప్పి, తిరగరాస్తే

ఆహెన్ అమ్మాయి పన్నెండు వరుసల్ని ఇలా కుదించవచ్చు:

```
Guten Tag,
ich habe seit Samstag Ohrenschmerzen rechts
und Fieber (38,6 °C).
Haben Sie heute oder morgen einen Termin?
Heute zwischen 9 und 12 Uhr, morgen ab 15 Uhr.
Ich bin schon Patientin bei Ihnen.
Bitte um kurze Bestätigung.
Vorname Nachname, geb. 14.03.2001
Tel. ...
```

తెలుగులో దీని సారం: నమస్కారం. శనివారం నుంచి కుడిచెవి నొప్పి, జ్వరం 38.6. ఇవాళగానీ రేపుగానీ టెర్మీన్ ఉందా? ఇవాళైతే 9కీ 12కీ మధ్య, రేపైతే మధ్యాహ్నం 3 తర్వాత. ఇదివరకే మీ దగ్గర చూపించుకున్నాను. దయచేసి ఖరారు చేయండి. కింద పేరు, పుట్టిన తేదీ, ఫోన్. పంపేది అబ్బాయి అయితే ఆరో వరుసలో `Patientin` బదులు `Patient` అని రాయాలి.

గౌరవనీయులైన డాక్టర్ గారు అన్న సంబోధన పోయింది. చదివేది డాక్టర్ కాదు కాబట్టి నమస్కారం ఒక్కటే సరిపోతుంది. ఈతకు వెళ్లిన సంగతి, వేసుకున్న మాత్ర సంగతి పోయాయి. అవి పనికిరానివని కాదు. చెవిలో నీళ్లు నిలవడం డాక్టర్‌కి ఎంతో ముఖ్యమైన ఆధారం. మాత్ర పేరు, ఎన్ని వేసుకుందో కూడా ఆయనకు తెలియాలి. కానీ అవి గదిలో కూర్చున్నాక చెప్పేవి. టెర్మీన్ ఇవ్వడానికి రిసెప్షన్‌కి వాటితో అవసరం లేదు. జబ్బు వివరాలు ఎంత తక్కువమంది కళ్లబడితే అంత మంచిదన్నది ఇంకో కారణం. మామూలు ఈమెయిల్‌లో రాసింది పోస్టుకార్డు మీద రాసినట్టే.

రాయడానికి ఇబ్బందిగా ఉండే సమస్యలుంటాయి. స్త్రీల సమస్యలు, మూత్ర సంబంధమైనవి, మనసుకు సంబంధించినవి. వాటిని విడమరచి రాయనక్కర్లేదు. ఈ విషయం డాక్టర్‌తో నేరుగా మాట్లాడతాను అని ఒక్క వాక్యం రాస్తే అక్కడ ఎవరూ తప్పుపట్టరు. ఎన్నాళ్లనుంచి, నొప్పి లేదా జ్వరం ఉన్నాయా అన్నది మాత్రం వదలకూడదు, తొందర ఎంతో తెలిసేది వాటితోనే.

> కీబోర్డులో ఆ చుక్కల అక్షరాలు లేకపోతే?
>
> ä, ö, ü అక్షరాలు దొరకనప్పుడు ae, oe, ue అని రాయవచ్చు, జర్మన్లకు అది మామూలే. ß బదులు ss. జ్వరం రాసేటప్పుడు మనం చుక్క పెట్టేచోట జర్మన్లు కామా పెడతారు: 38,6. తేదీలో రోజు ముందు, నెల తర్వాత, మధ్యలో చుక్క. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. చుక్కల జర్మన్ అక్షరాలకు ఆ లెక్క మారదు. తెలుగు లిపిలో రాస్తే 70కే ఎస్సెమ్మెస్ నిండిపోతుంది.

"వేడి చేసింది" అంటే డాక్టర్‌కి ఏం తెలుస్తుంది?

భాష వచ్చినవాళ్లు కూడా తడబడేది లక్షణాల దగ్గర. తెలుగులో జబ్బు చెప్పుకోవడానికి మనకు కొన్ని మాటలున్నాయి. అమ్మ వింటే వెంటనే అర్థమవుతాయి, ఊళ్లో డాక్టర్‌కీ అర్థమవుతాయి. వాటిని ఫోన్‌లో అనువాదం చేసి పంపితే రిసెప్షన్‌లో అయోమయం.

"వేడి చేసింది" అన్నదే చూడండి. నోట్లో పుండ్లు లేచినా అదే మాట, మూత్రంలో మంట పుట్టినా అదే మాట, ముక్కునుంచి రక్తం కారినా అదే. జర్మన్‌లోకి మారిస్తే ఒళ్లు వెచ్చగా ఉంది, అంటే జ్వరం అనుకుంటారు. మూత్రంలో మంట, జ్వరం, నడుము పక్కన నొప్పి కలిసి ఉంటే మూత్రపిండాల దాకా ఇన్ఫెక్షన్ పాకి ఉండవచ్చు, అదే రోజు చూడాలి. నోటిపుండు నాలుగు రోజులు ఆగుతుంది. వేడి చేసిందన్న ఒక్క మాట కింద ఈ రెండూ ఒకటైపోతాయి. కాబట్టి శరీరంలో ఏం జరుగుతోందో అదే రాయాలి: మూత్రం పోసేటప్పుడు మంట, రెండు రోజులుగా. జర్మన్‌లో అది ఇలా:

```
Brennen beim Wasserlassen seit zwei Tagen
```

"గ్యాస్" ఇంకా ప్రమాదకరమైన మాట. కడుపు ఉబ్బరాన్నీ గ్యాస్ అంటాం, ఛాతీలో మంటనీ గ్యాస్ అంటాం, ఛాతీ పట్టేసినా గ్యాసే అని సోడా తాగి పడుకుంటాం. ఉబ్బరానికి, గుండెల్లో మంటకి జర్మన్‌లో వేరువేరు మాటలున్నాయి, `Blähungen`, `Sodbrennen` అని. ఛాతీ బరువుగా, నొక్కేసినట్టు ఉండి, చెయ్యికో దవడకో పాకుతుంటే అది అసలు సందేశం రాయవలసిన పరిస్థితే కాదు, 112కి ఫోన్ చేయాలి. కళ్లు తిరగడం `Schwindel`, వికారం `Übelkeit`, ఒళ్లు నొప్పులు `Gliederschmerzen`. ఈ ఐదారు మాటలు ఫోన్‌లో ముందే రాసి పెట్టుకుంటే జ్వరంలో వెతుక్కునే బాధ తప్పుతుంది.

జ్వరానికీ అంతే. చెయ్యిపెట్టి చూసి జ్వరమనడం మన అలవాటు. అక్కడ థర్మామీటర్ అంకె అడుగుతారు, అదీ సెల్సియస్‌లో. 38 దాటితేనే జ్వరం కింద లెక్క. ఇండియా నుంచి తెచ్చుకున్న థర్మామీటర్ ఫారెన్‌హీట్‌లో చూపిస్తే 101.5 అంటే 38.6 అని మార్చి రాయాలి. ఎవరికైనా సూట్‌కేసు సర్దేవాళ్లు పచ్చడి సీసాల పక్కన సెల్సియస్ థర్మామీటర్ ఒకటి పెట్టడం మంచిది.

రోజులూ గంటలూ తారుమారైతే

సందేశం చిన్నదైనకొద్దీ ఒక్క మాట తప్పితే అర్థమంతా మారుతుంది. `seit drei Tagen` అంటే మూడు రోజులనుంచి, ఇప్పటికీ ఉంది. `vor drei Tagen` అంటే మూడు రోజుల కిందట. రెండోది రాస్తే నొప్పి వచ్చి పోయిందని చదువుకుని వచ్చేవారం టెర్మీన్ ఇచ్చినా తప్పు వాళ్లది కాదు.

గంటల్లో వేరే చిక్కుంది. `halb neun` అంటే తొమ్మిదిన్నర కాదు, ఎనిమిదిన్నర. జర్మన్లు రాబోయే గంటలో సగం అయిందని లెక్కిస్తారు. తొమ్మిదిన్నరకు వెళ్లినవాళ్లకు గంట ముందే టెర్మీన్ దాటిపోయి ఉంటుంది. అందుకే రాసేటప్పుడు మాటలొద్దు, 8:30 అని అంకెలే. మధ్యాహ్నం మూడు 15, సాయంత్రం ఐదు 17. `ab 15 Uhr` అంటే మూడు తర్వాత ఎప్పుడైనా, `vor 9 Uhr` అంటే తొమ్మిదిలోపు. బుధవారం మధ్యాహ్నం నాలుగు అడిగితే ఆ ప్రాక్సిస్ మూసే ఉండవచ్చు, తలుపు మీదో వెబ్‌సైట్‌లోనో వేళలు ఒకసారి చూసుకుని అడగాలి.

జవాబుగా తేదీ, గంట వచ్చేదాకా టెర్మీన్ ఉన్నట్టు కాదు. సందేశం వెళ్లిందని మొబైల్ చూపించేది చేరిన సంగతే, ఒప్పుకున్న సంగతి కాదు. ఉదయం పంపినదానికి మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేయాలి, లేదా కార్డు పట్టుకుని నేరుగా వెళ్లి అడగాలి. కొన్ని ప్రాక్సిస్‌లు రోజూ ఒక గంట టెర్మీన్ లేనివాళ్ల కోసమే ఉంచుతాయి. జవాబులో `Akutsprechstunde` అన్న మాట, పక్కన 11 నుంచి 12 అని ఉంటే, ఆ వేళకు వచ్చి వరసలో కూర్చోమని. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లను మాస్కు పెట్టుకుని రమ్మనడం, వేరే గదిలో కూర్చోబెట్టడం కూడా ఉంటుంది. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు.

> సందేశం వద్దు, ఫోన్ చేయండి
>
> 112: ఛాతీనొప్పి, ఊపిరి అందకపోవడం, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం.
>
> 116117: ప్రాణాపాయం కాదుగానీ క్లినిక్ తెరిచేదాకా ఆగలేని జబ్బు. రాత్రులు, సెలవురోజులు కూడా పనిచేస్తుంది, కాల్ ఉచితం. స్పెషలిస్టు టెర్మీన్ దొరకనివాళ్లు కూడా ఈ నంబర్‌నే ఆశ్రయించవచ్చు. డాక్టర్ రాసిచ్చిన రెఫరల్ చీటీ మీద కోడ్ ఉంటే ఎక్కువ సందర్భాల్లో నాలుగు వారాల్లోపు టెర్మీన్ చూపాలి.

హైదరాబాద్ తరగతి గదిలో ఇదే పాఠం

ఇదంతా జర్మనీ చేరాక నేర్చుకునేదే కానక్కర్లేదు. గ్యోటే సంస్థ నిర్వహించే ఏ2 పరీక్షలో రాత విభాగం మొదటి ప్రశ్నే ఒక ఎస్సెమ్మెస్. 20 నుంచి 30 మాటల్లో, ఇచ్చిన మూడు అంశాలూ వచ్చేలా రాయాలి. రెండో ప్రశ్న 30, 40 మాటల ఈమెయిల్. రెండింటికీ కలిపి 30 నిమిషాలు. టెర్మీన్ అడగడం, మార్చమనడం, రాలేనని చెప్పడం అక్కడ తరచూ సాధన చేయించే సందర్భాలు. మార్కులు పోయేది వ్యాకరణం దగ్గర అనుకుంటారు పిల్లలు. మూడు అంశాల్లో ఒకటి మరిచిపోయినా మార్కులు పోతాయి. ప్రాక్సిస్‌లోనూ అంతే. విభక్తి తప్పితే ఎవరికీ పట్టదు, సమయం రాయకపోతే టెర్మీన్ రాదు.

తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ జర్మనీ వెళ్లే నర్సులకు భాష నేర్పిస్తోంది. వాళ్లు ఈ సందేశాన్ని రెండువైపులనుంచీ చూస్తారు. రోగులు చెప్పేది అర్థం చేసుకోవడం వాళ్ల ఉద్యోగం, తమకు ఒంట్లో బాగోకపోతే రాసుకోవడం సొంత అవసరం.

ఉద్యోగం చేసేవాళ్లకు ఇంకో వరుస కావాలి. మూడు రోజులు మించి సెలవు పెడితే డాక్టర్ ధృవీకరణ చట్టప్రకారం తప్పనిసరి. కొన్ని కంపెనీలు మొదటి రోజునుంచే అడుగుతాయి. వెనకటి తేదీతో ఆ పత్రం ఇవ్వడానికి డాక్టర్లు మామూలుగా ఒప్పుకోరు. కాబట్టి పనికి వెళ్లలేని మొదటిరోజు ఉదయమే, లక్షణాల కింద ఇది చేర్చాలి:

```
Ich brauche eine Krankschreibung ab heute.
```

ఆ ప్రాక్సిస్‌కి ఇదివరకే తెలిసిన రోగి అయి, జబ్బు తీవ్రం కాకపోతే, 2023 డిసెంబర్ నుంచి డాక్టర్ ఫోన్‌లోనే మాట్లాడి ఐదు రోజుల దాకా సెలవు రాయవచ్చు. తొలిసారి ఒంట్లో బాగున్నప్పుడే ఒక హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గర పేరు నమోదు చేయించుకోమని సీనియర్లు కొత్తవాళ్లకు చెప్పేది ఇందుకే.

రాలేకపోతే

టెర్మీన్ దొరికాక జ్వరం తగ్గిపోవచ్చు, పరీక్ష పడవచ్చు. వెళ్లకుండా ఊరుకుంటే ఆ పదిహేను నిమిషాలు ఇంకో జ్వరగ్రస్తుడికి అందకుండా పోయినట్టే. ముందే కబురు చేయమని ప్రాక్సిస్‌లు అడుగుతాయి, సాధారణంగా 24 గంటల ముందు. పూర్తిగా టెర్మీన్ల మీదే నడిచే కొందరు స్పెషలిస్టులు చెప్పకుండా మానేసినవాళ్లకు బిల్లు పంపడమూ ఉంది. దానికీ రెండు వాక్యాలు చాలు, కింద మళ్లీ అదే పేరు, అదే పుట్టిన తేదీ:

```
Guten Tag, ich muss meinen Termin am 12.05.
um 10:40 Uhr leider absagen. Haben Sie ab
Donnerstag vormittags etwas frei?
Vorname Nachname, geb. 14.03.2001
```

కొత్త తేదీ మూడు నెలల హద్దు దాటి, అంటే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖుల తర్వాత పడితే, బీమా కార్డు మళ్లీ చూపించాలి. ప్రతి త్రైమాసికంలో మొదటిసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో మొట్టమొదట అడిగేది అదే.